కన్వేయర్ మోడల్ మీద వెబ్‌క్యామ్ లెక్క: పెట్టినవి 50, పగలు 65 చూపిస్తోంది, రాత్రి 30

సాయి_ఈసీఈ

అందరికీ నమస్కారం. పాలిటెక్నిక్ ఫైనలియర్ చదువుతున్నాను. మా బ్యాచ్ ప్రాజెక్టు చిన్న కన్వేయర్ మోడల్. దాని మీద వెళ్లే అగ్గిపెట్టెల్ని వెబ్‌క్యామ్‌తో లెక్కపెట్టాలి. రోలర్లకు 63 ఎంఎం పీవీసీ పైపు ముక్కలు వాడాం. వాటిలో ఒకదానికి 60 ఆర్‌పీఎం, 12 వోల్టుల గేర్ మోటార్ బిగించాం. బెల్ట్ నల్ల రెక్సిన్, 10 సెంటీమీటర్ల వెడల్పు. రెండు రోలర్ల మధ్య దూరం 60 సెంటీమీటర్లు. కెమెరా మామూలు యూఎస్‌బీ వెబ్‌క్యామ్, ఐదారు వందల రూపాయలది, 640x480లో 30 ఫ్రేములు ఇస్తుందని డబ్బా మీద రాసుంది. దాన్ని బెల్ట్ పైన నిటారుగా కిందకి చూసేలా కట్టాం. విండోస్ ల్యాప్‌టాప్, పైథాన్, ఓపెన్‌సీవీ.

ఒక పెట్టె మధ్య నుంచి తర్వాతి పెట్టె మధ్యకి సుమారు 12 సెంటీమీటర్ల దూరం వచ్చేలా చేత్తో 50 పెడుతున్నాం. పగలు ల్యాబ్‌లో నడిపితే కౌంట్ 63 నుంచి 66 మధ్య వస్తోంది. రాత్రి హాస్టల్ గదిలో ట్యూబ్‌లైట్ కింద అదే కోడ్, అదే బెల్ట్ నడిపితే 30 దగ్గర ఆగిపోతోంది. థ్రెషోల్డ్ మార్చి చూశాం, ఏరియా మార్చి చూశాం. కొద్దిగా తేడా వస్తుంది గానీ 50 మాత్రం రాదు. స్క్రీన్ మీద పెట్టెల చుట్టూ ఆకుపచ్చ గీతలు బాగానే కనిపిస్తున్నాయి, అంటే గుర్తుపట్టడం వరకు సరిగ్గానే ఉంది. లెక్కపెట్టే భాగం ఇది:

```python
for c in contours:
    if cv2.contourArea(c) > 2500:
        x, y, w, h = cv2.boundingRect(c)
        cx = x + w // 2
        if 312 <= cx < 328:
            count += 1
```

పగలు ఎక్కువ, రాత్రి తక్కువ ఎందుకొస్తోందో అర్థం కావడం లేదు. రివ్యూ దగ్గరకొచ్చేసింది, టెన్షన్‌గా ఉంది. దయచేసి చెప్పండి.

కోడ్_కిరణ్

బ్రో, థ్రెషోల్డ్, కాంటూర్ పద్ధతి పాతది. వెలుగు మారితే అది దెబ్బతింటుంది. అగ్గిపెట్టెల ఫొటోలు ఒక రెండు వందలు తీసి యోలోతో ట్రెయిన్ చెయ్యి. పగలైనా రాత్రయినా పెట్టెని పెట్టెలాగే గుర్తుపడుతుంది. నేను కాలేజీలో హెల్మెట్ డిటెక్షన్ అలాగే చేశాను, చాలా బాగా వచ్చింది.

వైరింగ్_వెంకట్

తమ్ముడూ, అగ్గిపెట్టెలు లెక్కపెట్టడానికి కెమెరా ఎందుకు? బెల్ట్‌కి అటో ఇటో ఒక ఐఆర్ సెన్సార్ పెట్టు. పెట్టె అడ్డం వస్తే ఒక పల్స్, అంతే. ఆర్డునోతో పది లైన్ల కోడ్. నేను ప్యాకింగ్ మెషిన్లకు సర్వీసు చేస్తుంటాను. అక్కడ లెక్క మాత్రమే కావాలంటే ఫొటో సెన్సారే పెడతారు, కెమెరా పెట్టరు.

సాయి_ఈసీఈ

వెంకట్ అన్నా, మీరు చెప్పింది నిజమే. కానీ మా గైడ్ సర్ కెమెరాతోనే చెయ్యమన్నారు. తర్వాతి దశలో లేబుల్ తలకిందులైన పెట్టెల్ని కూడా పట్టుకోవాలి, అది సెన్సార్‌తో కుదరదు. కిరణ్ బ్రో, మా ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ కార్డు లేదు, ఐ3. యోలో పెడితే ఎన్ని ఫ్రేములు వస్తాయో తెలియదు.

లెన్స్‌మాష్టారు

సాయీ, మంచి వివరాలు ఇచ్చావు. పైపు సైజు, మోటార్ వేగం, కోడ్ మూడూ ఉన్నాయి కాబట్టి తప్పు ఎక్కడుందో లెక్క వేసి చూడొచ్చు. యోలో సంగతి కాసేపు పక్కన పెడదాం. పెట్టెల్ని గుర్తుపట్టడంలో నీకు పెద్ద ఇబ్బంది లేదు. గుర్తుపట్టిన పెట్టెని ఎప్పుడు ఒకటిగా లెక్కలో వేసుకోవాలి అన్నచోట ఉంది అసలు తేడా. రేపు యోలో పెట్టినా ఈ `if` అలాగే ఉంటే లెక్క ఇలాగే తప్పుతుంది.

ముందు బెల్ట్ వేగం చూడు. 63 ఎంఎం పైపు చుట్టుకొలత సుమారు 19.8 సెంటీమీటర్లు. 60 ఆర్‌పీఎం అంటే సెకనుకి ఒక చుట్టు. కాబట్టి బెల్ట్ సెకనుకి దాదాపు 20 సెంటీమీటర్లు కదులుతుంది. ఇప్పుడు బెల్ట్ మీద ఒక స్కేలు పెట్టి ఒక ఫ్రేమ్ సేవ్ చెయ్యి. 10 సెంటీమీటర్లకు ఎన్ని పిక్సెళ్లు వస్తున్నాయో కొలిచి చెప్పు. ఇంకొకటి, కెమెరా నిజంగా ఎన్ని ఫ్రేములు ఇస్తోందో పగలు ఒకసారి, రాత్రి ఒకసారి కొలువు. `cap.get(cv2.CAP_PROP_FPS)` ఇచ్చే అంకెను నమ్మకు. చాలా చవక కెమెరాల్లో అది ఒప్పుకున్న వేగమే చూపిస్తుంది, వస్తున్న వేగం కాదు. ఇలా కొలువు:

```python
for _ in range(30):
    cap.read()
t0 = time.perf_counter()
for _ in range(100):
    cap.read()
print(100 / (time.perf_counter() - t0))
```

మొదటి 30 ఫ్రేముల్ని వదిలేస్తున్నాం. కెమెరా వెలుగుకి సర్దుకునేది అప్పుడే కాబట్టి ఆ కాసేపు అంకె తేడాగా ఉంటుంది.

పద్మజ_పై

ఒక చిన్న మాట. ఆ కొలత తీసేటప్పుడు నువ్వు ప్రాజెక్టు నడిపే చోటే, అదే లైటు కింద కెమెరా ఉంచు. కిటికీ వైపు తిప్పితే రాత్రి కొలత కూడా వేరేలా వస్తుంది.

సాయి_ఈసీఈ

కొలిచాను సర్. స్కేలు మీద 10 సెంటీమీటర్లకు 200 పిక్సెళ్లు వచ్చాయి. ల్యాబ్‌లో పగలు 29.9 ఫ్రేములు. హాస్టల్ గదిలో రాత్రి 15.0. `CAP_PROP_FPS` మాత్రం రెండుసార్లూ 30 అనే చూపించింది. ఫ్రేములు సగానికి ఎలా పడిపోయాయో తెలియడం లేదు, ల్యాప్‌టాప్ వేడెక్కిందేమో అనుకుంటున్నాను.

లెన్స్‌మాష్టారు

వేడి కాదు, వెలుగు. నీ కెమెరా ఆటో ఎక్స్‌పోజర్‌లో ఉంది. వెలుగు చాలకపోతే ఒక్కో ఫ్రేముకి షట్టర్‌ని ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది. ఒక ఫ్రేముకే సెకనులో 15వ వంతు వెలుగు పట్టాల్సి వస్తే సెకనుకి 30 ఫ్రేములు ఎక్కడినుంచి వస్తాయి? అందుకే వేగాన్ని సగం చేసేసింది.

ఇప్పుడు నీ అంకెల్నే వాడదాం. సెకనుకి 20 సెంటీమీటర్లు, సెంటీమీటరుకి 20 పిక్సెళ్లు. అంటే పెట్టె స్క్రీన్ మీద సెకనుకి 400 పిక్సెళ్లు నడుస్తోంది. పగలు 30 ఫ్రేముల దగ్గర ఒక్కో ఫ్రేముకి 13.3 పిక్సెళ్ల అడుగు వేస్తుంది. రాత్రి 15 ఫ్రేముల దగ్గర 26.7 పిక్సెళ్ల అడుగు.

నీ కోడ్‌లో 312 నుంచి 327 వరకు 16 పిక్సెళ్ల పట్టీ ఉంది. పెట్టె మధ్యబిందువు ఆ పట్టీలో కనిపించిన ప్రతి ఫ్రేముకీ ఒకటి కలుపుతున్నావు. పగలు అడుగు 13.3 కాబట్టి కొన్ని పెట్టెలు పట్టీలో ఒకసారి పడతాయి, కొన్ని రెండుసార్లు పడతాయి. సగటు 16 భాగించు 13.3, అంటే 1.2. యాభై పెట్టెలకు 60. రాత్రి అడుగు 26.7 కాబట్టి చాలా పెట్టెలు పట్టీలో అడుగే పెట్టకుండా దాటేస్తాయి. 16 భాగించు 26.7 అంటే 0.6. యాభైకి 30. నీకు రాత్రి వస్తున్నది సరిగ్గా అదే.

పట్టీని పెంచితే పగలు లెక్క ఇంకా పెరుగుతుంది, తగ్గిస్తే రాత్రి ఇంకా తగ్గుతుంది. ఏ వెడల్పు పెట్టినా రెండుచోట్లా కుదరదు. అడుగుకి సరిగ్గా సమానంగా పట్టీ పెడితే ఆ ఒక్క వేగానికి కుదిరినట్టే ఉంటుంది, మోటార్ వోల్టేజీ కాస్త మారగానే మళ్లీ మొదటికొస్తుంది. ఆన్‌లైన్‌లో తిరిగే వాహనాల లెక్క ప్రాజెక్టులు చాలావాటిలో ఈ పట్టీ పద్ధతే ఉంటుంది, అక్కడా ఇదే బాధ.

పగటి లెక్కలో మాత్రం నాకు ఇంకో ముడి మిగిలింది. నా లెక్క ప్రకారం 60 రావాలి, నీకు 65 వస్తోంది. ఆ ఐదు ఎక్కడివో తర్వాత చూద్దాం.

కోడ్_కిరణ్

ఇది బాగా చెప్పారు మాష్టారు. డిటెక్షన్ బాగుంటే చాలు అనుకుంటూ వచ్చాను, ట్రాకింగ్ విడిగా చూడాలన్నమాట. కానీ ట్రాకర్ కూడా రెడీమేడ్‌గా దొరుకుతుంది కదా, ఒక్కో పెట్టెకి ఐడీ ఇస్తుంది. దాన్ని తెచ్చి పెట్టుకుంటే సరిపోదా?

లెన్స్‌మాష్టారు

సరిపోతుంది కిరణ్. కానీ ఇక్కడ అవసరం లేదు. రోడ్డు మీద బండ్లు ఎటైనా తిరుగుతాయి, ఒకదాన్నొకటి దాటుకుంటాయి. బెల్ట్ మీద పెట్టెలు ఒకే వరుసలో, ఒకే వైపు, తెలిసిన వేగంతో వెళ్తాయి. పెట్టెకీ పెట్టెకీ మధ్య 240 పిక్సెళ్లు ఉన్నాయి, అడుగు 27 మించదు. కాబట్టి గత ఫ్రేములో దీనికి కొంచెం వెనక ఉన్నది ఇదే పెట్టె అని గుడ్డిగా చెప్పొచ్చు. సాయీ, ఇది పెట్టి చూడు:

```python
LINE = 320
mundu = []
total = 0

def lekka(centers):
    global mundu, total
    ippudu = []
    for cx in centers:
        ayyindi = cx >= LINE
        for px, paata in mundu:
            if -5 <= cx - px < 60:
                ayyindi = paata
                if not paata and cx >= LINE:
                    total += 1
                    ayyindi = True
                break
        ippudu.append((cx, ayyindi))
    mundu = ippudu
```

ప్రతి పెట్టెతోపాటు దాన్ని లెక్కించామా లేదా అన్న గుర్తు కూడా వెంట నడుస్తుంది. గీతకి ఇవతల కనిపించిన పెట్టె గీత దాటిన మొదటి ఫ్రేములో ఒకసారి లెక్కలోకి వస్తుంది. ఆ తర్వాత ఎన్ని ఫ్రేముల్లో కనిపించినా మళ్లీ కలవదు. అడుగు 13 అయినా 27 అయినా తేడా ఉండదు.

ఆ గుర్తు అనవసరం, కిందటిసారి గీతకి ఇవతల ఉండి ఇప్పుడు అవతల ఉంటే చాలు కదా అని అనిపించొచ్చు. బెల్ట్ సరిగ్గా గీత మీద పెట్టెతో ఆగిపోయిందనుకో. మధ్యబిందువు 319, 321, 319 అని వణుకుతూనే ఉంటుంది. గుర్తు లేకపోతే ఆగిన బెల్ట్ మీద లెక్క తనంతట తనే పెరిగిపోతుంది.

సాయి_ఈసీఈ

సర్, చాలా థ్యాంక్స్. ఈ కోడ్ పెట్టి నడిపాను. పగలు కచ్చితంగా 54 వస్తోంది, ఎన్నిసార్లు చేసినా 54, అప్పుడప్పుడు 55. రాత్రి 47 నుంచి 49 వస్తోంది. చాలా దగ్గరకొచ్చాం కానీ ఆ నాలుగు ఎక్కువ, ఆ రెండు మూడు తక్కువ ఎక్కడివో తెలియడం లేదు. రెండు వీడియోలూ డ్రైవ్‌లో పెట్టాను.

పద్మజ_పై

సాయి, నీ పగటి వీడియో చూశాను. బెల్ట్ ఖాళీగా నడిపి, లెక్క పెరిగిన ప్రతిసారీ టైమ్ ప్రింట్ చెయ్యి. పెట్టెలు ఒక్కటి కూడా పెట్టకు. ఏం వస్తుందో ఇక్కడ పెట్టు.

సాయి_ఈసీఈ

పద్మజ గారూ, ఖాళీ బెల్ట్ మీద కూడా లెక్క పెరుగుతోంది! సెకన్లలో ఇలా వచ్చింది:

```
3.1
10.2
17.2
24.3
```

పద్మజ_పై

అనుకున్నాను. 7 సెకన్లకొకటి. నీ బెల్ట్ పొడవు ఎంతో లెక్క వెయ్యి. రోలర్ల మధ్య 60, అటూ ఇటూ కలిపి 120, రెండు రోలర్ల మీద సగం సగం చుట్టు కలిపితే ఇంకో 20. మొత్తం 140 సెంటీమీటర్లు. సెకనుకి 20 చొప్పున పూర్తి చుట్టుకి 7 సెకన్లు. అంటే బెల్ట్ మీదే ఉన్నదేదో ప్రతి చుట్టుకీ ఒకసారి పెట్టెలా లెక్కలోకి వస్తోంది. వీడియోలో అది కనిపిస్తోంది కూడా: రెక్సిన్‌ని ఒకదాని మీద ఒకటి వేసి అతికించిన జాయింటు. కిటికీ వెలుగు ఆ అతుకు మీద పడి తెల్లటి పట్టీలా మెరుస్తోంది. 50 పెట్టెలు వెళ్లడానికి 30 సెకన్లు పడుతుంది కాబట్టి నాలుగుసార్లు పడుతుంది, ఒక్కోసారి ఐదు. నీ 54, 55 అవే. మాష్టారు అడిగిన ఆ మిగిలిన ఐదు కూడా ఇదే, అప్పుడు పాత కోడ్ దీన్నీ 1.2 సార్లు లెక్కపెట్టింది. రాత్రి ట్యూబ్‌లైట్ వేరే కోణంలో ఉంది కాబట్టి ఆ అతుకు మెరవడం లేదు.

ఎక్కువ లెక్క వచ్చినప్పుడు నేను మొదట చూసేది ఆ తప్పులు సమాన వ్యవధిలో వస్తున్నాయా అని. వస్తుంటే తిరిగే భాగంలో ఏదో ఉందన్నట్టే. ఆ వ్యవధి బెల్ట్ చుట్టుతో కలిస్తే బెల్ట్, రోలర్ చుట్టుతో కలిస్తే రోలర్. ఎప్పుడు పడితే అప్పుడు వస్తుంటే వెలుగో, ఎవరి నీడో.

సాయి_ఈసీఈ

నిజమే మేడమ్, అతుకు దగ్గర ఆపి చూశాను, అక్కడే ఆకుపచ్చ గీత పడుతోంది. ఏరియా లిమిట్ పెంచితే పోతుందా?

పద్మజ_పై

పోదు. అతుకు ఒకటిన్నర సెంటీమీటర్ల వెడల్పు, బెల్ట్ మొత్తం అడ్డంగా 10 సెంటీమీటర్లు. నీ స్కేలులో 30 ఇంటూ 200, అంటే 6000 పిక్సెళ్లు. అగ్గిపెట్టె సుమారు 7000. ఏరియా చూసి విడదీయడానికి ఆ తేడా చాలదు. ఆకారం చూడు. అగ్గిపెట్టె ఎలా తిప్పి పెట్టినా దాని ఎత్తు 130 పిక్సెళ్లు దాటదు. అతుకు బెల్ట్ ఈ అంచు నుంచి ఆ అంచు దాకా 200 ఉంటుంది. `h > 150` అయితే వదిలెయ్యి.

వైరింగ్_వెంకట్

మేడమ్, సరిగ్గా అతుకు మీదే పెట్టె పడితే? రెండూ కలిసి ఒకటే మచ్చ అవుతాయి కదా. అప్పుడు మీ కండిషన్ పెట్టెని కూడా పారేస్తుంది.

నన్నడిగితే అతుకు మీద మెరుపు పోగొట్టాలి. మ్యాట్ నలుపు, బ్లాక్‌బోర్డుకి వేసేలాంటి పెయింట్ ఒక చెయ్యి వెయ్యి. ఇన్సులేషన్ టేప్ వెయ్యకు, అది ఇంకా మెరుస్తుంది. రోలర్ మీద వంగి వంగి పెయింట్ కొన్నాళ్లకు పొరలు లేస్తుంది, అయినా రివ్యూ వరకు ఆగుతుంది.

పద్మజ_పై

వెంకట్ గారూ, మీరన్నది సరైన మాట. పెయింట్ ముందు, `h` కండిషన్ దాని వెనక కాపలాగా ఉండాలి. కండిషన్ ఒక్కదానితో సరిపెట్టుకుంటే అతుకు మీద పడ్డ ప్రతి పెట్టే పోతుంది.

వైరింగ్_వెంకట్

రాత్రి తక్కువ రావడం సంగతి నేను చెప్తాను. ట్యూబ్‌లైట్ 50 హెర్ట్జ్ మీద వెలుగుతూ ఆరుతూ ఉంటుంది, కంటికి తెలియదు, కెమెరాకి తెలుస్తుంది. కెమెరా సెట్టింగుల్లో పవర్‌లైన్ ఫ్రీక్వెన్సీ 60 ఉంటే 50కి మార్చు. అంతే, రాత్రి సమస్య పోతుంది.

లెన్స్‌మాష్టారు

వెంకట్ గారూ, మీరు చెప్పింది పట్టించుకోవాల్సిందే, కానీ సాయి రాత్రి సమస్యకి అది సగం కారణం కూడా కాదు. చోక్ ఉన్న పాత ట్యూబ్‌లైట్ సెకనుకి 100 సార్లు వెలుగు తగ్గి పెరుగుతుంది, ఎందుకంటే 50 హెర్ట్జ్ కరెంటు ఒక్కో సైకిల్‌లో రెండుసార్లు శిఖరానికి వెళ్తుంది. ఎలక్ట్రానిక్ చోక్ ఉంటే ఆ ఆట చాలావరకు కనపడదు. ఆ సెట్టింగు ఆటో ఎక్స్‌పోజర్‌కి ఏ సమయాలు ఎంచుకోవాలో చెబుతుంది. స్క్రీన్ మీద అడ్డపట్టీలు పాకుతున్నప్పుడు అది పనికొస్తుంది. సాయి రాత్రి వీడియోలో పట్టీలు లేవు.

అక్కడ ఉన్నది కదలిక వల్ల వచ్చే మసక. షట్టర్ సెకనులో 15వ వంతు తెరిచి ఉంటే ఆ సమయంలో పెట్టె 27 పిక్సెళ్లు జరిగిపోతుంది. అంచులు అంత మేర పలచబడతాయి. ఒక పెట్టె ఒక్క ఫ్రేములో థ్రెషోల్డ్ కిందకి జారిపోయి కనపడకుండా పోయిందనుకో. అది గీత దగ్గర జరిగితే, మళ్లీ కనిపించేసరికి పెట్టె గీత అవతల ఉంటుంది. వెనక జత దొరకదు కాబట్టి నా కోడ్ దాన్ని ముందే లెక్కించినదిగా తీసుకుంటుంది. అలా రెండు మూడు పోతున్నాయి. గీతకి చాలా వెనక జరిగితే నష్టం లేదు, అక్కడ కొత్త పెట్టెగా మొదలై తర్వాత గీత దాటుతుంది.

దీనికి సాఫ్ట్‌వేర్ మందు ఉంది: కనిపించకుండా పోయినవాటిని రెండు మూడు ఫ్రేములు గుర్తుపెట్టుకోవాలి. కానీ నేనైతే ముందు వెలుగు సరిచేస్తాను. మోటార్‌కి వాడుతున్న 12 వోల్టుల అడాప్టర్ నుంచే ఒక ఎల్‌ఈడీ స్ట్రిప్ తీసుకుని బెల్ట్‌కి రెండు పక్కలా పెట్టు. అది డీసీ కాబట్టి 100 హెర్ట్జ్ గొడవ ఉండదు. మీద ఒక ట్రేసింగ్ పేపరు అడ్డం పెడితే మెరుపు కూడా తగ్గుతుంది. తర్వాత ఎక్స్‌పోజర్‌ని చేత్తో బిగించు:

```python
cap = cv2.VideoCapture(0, cv2.CAP_DSHOW)
cap.set(cv2.CAP_PROP_EXPOSURE, -7)
```

విండోస్‌లో ఈ అంకె రెండు ఘాతంగా పనిచేస్తుంది. -7 అంటే సెకనులో 128వ వంతు, దాదాపు 7.8 మిల్లీసెకన్లు. ఆ సమయంలో పెట్టె 3 పిక్సెళ్లే కదులుతుంది. నీ కెమెరా ఈ ఆజ్ఞని వింటోందో లేదో తెలుసుకోవడానికి టార్చి వేసి చూడు. బొమ్మ ఒక్కసారి తెల్లబడి అలాగే ఉండిపోతే బిగిసినట్టు. తెల్లబడి మెల్లగా మామూలు అయితే ఆటోలోనే ఉన్నట్టు. కొన్ని చవక కెమెరాలు అసలు వినవు. అప్పుడు వెలుగు బాగా పెంచడం ఒక్కటే దారి.

పద్మజ_పై

లినక్స్ మీద, రాస్ప్‌బెర్రీ పై మీద చేసేవాళ్ల కోసం: అక్కడ అంకె వేరు, 100 మైక్రోసెకన్ల లెక్కన ఉంటుంది. 100 ఇస్తే 10 మిల్లీసెకన్లు.

```
v4l2-ctl -d /dev/video0 --list-ctrls
v4l2-ctl -d /dev/video0 -c auto_exposure=1
v4l2-ctl -d /dev/video0 -c exposure_time_absolute=100
```

పాత కెర్నెల్‌లో ఇవే `exposure_auto`, `exposure_absolute` అన్న పేర్లతో ఉంటాయి, మొదటి లైను చూపిస్తుంది. 10 మిల్లీసెకన్లు పెట్టడంలో ఇంకో లాభం ఉంది. ట్యూబ్‌లైట్ ఒక ఊపు కూడా 10 మిల్లీసెకన్లే కాబట్టి ప్రతి ఫ్రేముకీ ఒకే వెలుగు అందుతుంది, పట్టీలు రావు. విండోస్ అంకెల్లో 7.8 తర్వాత ఏకంగా 15.6కి పోతుంది. మధ్యలో 10 దొరకదు. అందుకే అక్కడ డీసీ ఎల్‌ఈడీ మేలు.

మిల్లు_శ్రీను

నమస్తే అండి. మాది మిర్యాలగూడ దగ్గర రైస్ మిల్లు. ఈ చర్చ చూసి అడుగుతున్నా. లారీ లోడింగ్ కన్వేయర్ మీద 50 కిలోల బస్తాలు ఎక్కుతుంటాయి. లెక్క దగ్గర డ్రైవర్‌కీ మా గుమాస్తాకీ రోజూ వాదనే. ఈ వెబ్‌క్యామ్ కోడ్ అక్కడ పెడితే పనిచేస్తుందా? మా దగ్గర బస్తాకీ బస్తాకీ ఖాళీ ఉండదు, ఒకదాని మీద ఒకటి ఎక్కి కూడా వస్తాయి. హమాలీ చెయ్యి మధ్యలో పెడుతుంటాడు. దుమ్ము సరేసరి.

కోడ్_కిరణ్

శ్రీను గారూ, ఇక్కడ మాత్రం యోలో లాంటిదే కావాలి. బస్తా ఎలా ఉంటుందో, చెయ్యి ఎలా ఉంటుందో నేర్పించొచ్చు. థ్రెషోల్డ్ పెడితే చెయ్యి కూడా బస్తాలో కలిసిపోతుంది.

లెన్స్‌మాష్టారు

కిరణ్ చెప్పింది చెయ్యి విషయంలో సరైనదే. కానీ ఒకదాని మీద ఒకటి ఎక్కిన బస్తాలు పై నుంచి చూస్తే మనిషి కంటికి కూడా ఒకటిగానే కనిపిస్తాయి. కనపడనిదాన్ని ఏ మోడల్ అయినా ఎలా లెక్కపెడుతుంది? ముందు వాటిని విడదీయాలి. ఒక బెల్ట్ నుంచి అంతకంటే వేగంగా నడిచే రెండో బెల్ట్ మీదకి వస్తువు పడితే మధ్యలో ఖాళీ దానంతట అదే ఏర్పడుతుంది. ప్యాకింగ్ లైన్లలో అలాగే చేస్తారు. రెండో బెల్ట్ వేగం మొదటిదానికి ఒకటిన్నర రెట్లు ఉంటే, ఆనుకుని వచ్చిన రెండు బస్తాల మధ్య సగం బస్తా ఖాళీ వస్తుంది. మీ లోడింగ్ కన్వేయర్ ఏటవాలుగా ఉంటుంది కాబట్టి రెండో బెల్ట్‌కి చోటుందో లేదో చూడాలి.

సాయి, నీకూ ఇది పనికొస్తుంది. రివ్యూలో ఎవరో ఒకరు రెండు పెట్టెలు ఆనించి పెడతారు. అక్కడ ఒక పెట్టె ఏరియా కొలిచిపెట్టుకుని `round(area / 7000)` చేస్తే పక్కపక్కన ఆనుకున్న రెండింటిని 2 అని చెప్పగలవు. లెక్క కలిపేచోట `total += 1` బదులు ఆ అంకె వెయ్యాలి. కానీ రెండు పెట్టెలు అడ్డంగా, కాస్త వంకరగా ఆనుకుంటే ఎత్తు 150 దాటి, పద్మజ గారి కండిషన్ అతుకు అనుకుని పారేస్తుంది. అతుకు పెయింట్‌తో పోతే ఆ కండిషన్‌ని 190కి పెంచుకో.

వైరింగ్_వెంకట్

శ్రీను గారూ, బస్తాలకైతే కన్వేయర్ చివర, లారీలోకి పడేచోట ఫొటో సెన్సార్ పెట్టి చూడండి. అక్కడ బస్తా కిందకి జారేటప్పుడు ఒకదానికొకటి విడిపోతాయి. దుమ్ముకి లెన్స్ రోజూ తుడవాలి, అది కెమెరాకైనా తప్పదు.

మిల్లు_శ్రీను

చివర్లో ఇద్దరు హమాలీలు నిలబడి బస్తా అందుకుంటారు అన్నా. వాళ్లే సెన్సార్‌కి అడ్డం వస్తారు. కన్వేయర్ మధ్యలో అయితే ఎవరూ ఉండరు కానీ అక్కడ బస్తాలు ఆనుకునే ఉంటాయి. రెండో బెల్ట్ అంటే మా మెకానిక్‌ని అడగాలి.

సాయి_ఈసీఈ

అతుకుకి పెయింట్ వేశాం, ఎల్‌ఈడీ స్ట్రిప్ రెండు పక్కలా పెట్టాం, ఎక్స్‌పోజర్ -7. టార్చి పరీక్షలో బొమ్మ తెల్లగానే ఉండిపోయింది, అంటే బిగిసింది. ఫ్రేములు పగలూ రాత్రీ 30 దగ్గరే. ఖాళీ బెల్ట్ ఐదు నిమిషాలు నడిపితే లెక్క సున్నా. 50 పెట్టెలకు పగలు 50, రాత్రి 50.

ఆనుకున్న జంటల్ని కూడా ప్రయత్నించాం. నిలువుగా వరుసలో ఆనుకున్నవి 2 అనే వస్తున్నాయి. ఒకటి కొంచెం వంకరగా తిరిగి, మూల మాత్రమే తగిలితే కూడా 2 వస్తోంది. మూడు ఆనుకుంటే మాత్రం ఒక్కోసారి 3, ఒక్కోసారి 2. ఏరియా అంకెలు చూస్తే మూడింటికి 17,300 నుంచి 20,500 దాకా మారుతోంది. ఎందుకంత తేడా సర్?

లెన్స్‌మాష్టారు

మూడు పెట్టెల పొడవు 300 పిక్సెళ్ల దగ్గర ఉంటుంది. ఆ మచ్చ మధ్యబిందువు గీత దాటేసరికి రెండు కొసలు ఫ్రేము మధ్యనుంచి చెరో 150 దూరంలో ఉంటాయి. నీ ఎల్‌ఈడీ స్ట్రిప్ వెలుగు అక్కడిదాకా సమానంగా పడుతోందా? ఖాళీ బెల్ట్ మీద తెల్ల కాగితం పరిచి ఒక ఫ్రేము తీసి, మధ్యలోనూ కొసల్లోనూ పిక్సెల్ విలువలు చూడు. కొసల్లో తగ్గితే అక్కడ పెట్టె అంచులు థ్రెషోల్డ్ కింద పడి ఏరియా తరుగుతోంది. సమానంగానే ఉంటే అప్పుడు లెన్స్ వంపు సంగతి చూడాలి. ఆ ఫ్రేము ఇక్కడ పెట్టు.